"వేసేవాళ్ళం" నుంచి "వేశాం" దాకా: పెద్ద రైతులను కెమెరా ముందు ఏమడగాలి, ఎలా అడగాలి

పాతర గురించి పైన పెట్టిన వీడియో చూసి చాలామంది ఒకే సంగతి అడిగారు. "ఆ తాత అంత వివరంగా ఎలా చెప్పాడు? మా ఊళ్ళో పెద్దాయన్ని అడిగితే 'అప్పట్లో అంతా బాగుండేది నాయనా' అని ఊరుకుంటున్నాడు" అని. మీలో కొంతమంది ఫోన్‌తోనే మీ ఊరి పెద్దల మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టారు కాబట్టి, ప్రశ్నలు ఎలా తయారు చేసుకుంటానో ఈసారి వివరంగా రాస్తున్నాను. కెమెరా, మైకు సంగతులు ఇంకోసారి చూద్దాం. ఇది ప్రశ్నల గురించి మాత్రమే.

గంట సేపు తీసిన వీడియోలో ఏడు నిమిషాలు వాడుకోగలిగితే ఎక్కువ. ఆ ఏడు నిమిషాలు దొరుకుతాయా లేదా అన్నది ఎడిటింగ్ టేబుల్ దగ్గర తేలే విషయంలా కనిపిస్తుంది గానీ, నిజానికి ప్రశ్న మన నోట్లోంచి వచ్చేటప్పుడే సగం తేలిపోతుంది.

కథలో మెట్టు అంటే ఏమిటి

సినిమా వాళ్ళు దీన్ని బీట్ అంటారు. నేను మెట్టు అంటాను, ఎందుకంటే మెట్టు ఎక్కాక మనం నిలబడిన చోటు మారుతుంది. కథలోనూ అంతే. ఆ మాట విన్నాక అంతకుముందున్న పరిస్థితి అలాగే ఉండకూడదు. లేని విత్తనం ఇంటికి వచ్చింది, ఉన్న ఎద్దులు అమ్ముడుపోయాయి, ఒకరు వద్దన్నారు, ఇంకొకరు వినలేదు. ఇలా ఏదో ఒకటి మారాలి.

"అప్పట్లో కొర్రలు, సామలు, జొన్నలు అన్నీ వేసేవాళ్ళం, బలమైన తిండి తినేవాళ్ళం" అన్న మాట నిజమే, మనసుకు హాయిగానూ ఉంటుంది. కానీ అది విన్నాక ఏమీ మారలేదు. అలాంటి మాటలు పది వరుసగా పెడితే చూసేవాళ్ళు మూడో మాటకే వేరే వీడియోకి వెళ్ళిపోతారు. అదే తాత "ఆ ఏడు మా యమ్మకు చెప్పకుండా శనక్కాయ మూటలు ఇంట్లో దింపితి" అన్నాడనుకోండి, తర్వాత ఏం జరిగిందో తెలుసుకోకుండా ఎవరూ కదలరు.

క్రియ చూస్తే తెలిసిపోతుంది

పనికొచ్చే జవాబుకూ పనికిరాని జవాబుకూ తేడా కనిపెట్టడానికి మన భాషలోనే ఒక గుర్తు ఉంది. వాక్యం చివర క్రియను చూడండి. "వేసేవాళ్ళం, తినేవాళ్ళం, పోయేవాళ్ళం" అని వస్తుంటే అది అలవాటు. "వేశాం, తిన్నాం, పోయాం" అని వస్తే అది జరిగిన సంగతి. అనంతపురం వైపు "ఏస్తాంటిమి" అంటే అలవాటు, "ఏస్తిమి" అంటే ఒకసారి జరిగింది. తెలంగాణలో "ఏసెటోళ్లం" అలవాటు, "ఏసినం" సంఘటన. మీ ప్రాంతంలో ఈ జంట ఎలా పలుకుతారో ఒకసారి చెవి పెట్టి వినండి.

మెట్లన్నీ రెండో రకం క్రియల్లోనే ఉంటాయి. రికార్డు చేస్తున్నప్పుడు ఐదు నిమిషాలుగా "వాళ్ళం, వాళ్ళం" అనే వినిపిస్తుంటే తప్పు తాతది అనుకోవద్దు. ప్రశ్నే అలా అడిగించింది. "అప్పట్లో విత్తనాలు ఎలా దాచేవారు?" అని మనం అలవాటు అడిగాం, ఆయన అలవాటు చెప్పాడు. "మీరు చివరిసారి విత్తనం దాచిన రోజు చెప్పండి" అని అడిగితే క్రియ దానంతట అదే మారుతుంది.

అలా అని మొదటి రకం జవాబులు పారేయకూడదు. పాతర ఎంత లోతు తవ్వేవారు, లోపల ఏం పూసేవారు, విత్తనంలో బూడిద ఎంత కలిపేవారు అన్నవి పద్ధతులు. మన చదువరులకు అవీ కావాలి. అవి చేతులు పని చేస్తున్న దృశ్యం కింద వినిపించడానికి చక్కగా సరిపోతాయి. వాటిని వేరుగా, వస్తువు చేతికిచ్చి, చేసి చూపించమని అడగాలి. కథ ప్రశ్నలనూ పద్ధతి ప్రశ్నలనూ కలగాపులగం చేస్తే రెండూ సగం సగమే వస్తాయి.

మొదటిరోజు కొక్కేలు మాత్రమే ఏరుకోవాలి

కెమెరా లేకుండా ఒకరోజు ముందు వెళ్తాను. ఆ రోజు కథలు అడగను. కథ ఒకసారి పూర్తిగా చెప్పేస్తే, కెమెరా పెట్టాక "నిన్న చెప్తినే నాయనా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మొదటిసారి చెప్పేటప్పుడు ఉండే తడి రెండోసారి ఉండదు. అందుకే ఆ రోజు కథను తగిలించడానికి పనికొచ్చే కొక్కేలు మాత్రమే ఏరుకుంటాను. అవి మూడు రకాలు.

మొదటిది వస్తువు. ఇంట్లో, దొడ్లో, అటక మీద ఏముందో చూస్తాను. గొర్రు, దాని జడ్డిగం, పాత కుండలు, తూకం రాళ్ళు, దూలానికి వేలాడుతున్న కంకుల కట్ట. రెండోది మనిషి. విత్తనం ఎవరి చేతిలో ఉండేది, అప్పు ఎవరిచ్చారు, ఇంట్లో మాట ఎవరిది అన్నది. పేరూ వరసా రాసుకుంటే చాలు. మూడోది కాలం.

కాలం దగ్గరే చాలామంది తడబడతారు. "ఏ సంవత్సరంలో తాతా?" అంటే ఆయన కంగారుపడి ఏదో ఒక అంకె చెబుతాడు, అది తప్పుతుంది, మనమూ దాన్నే పట్టుకుని తిరుగుతాం. పెద్దల లెక్క వేరు. నెలను కార్తెతో చెబుతారు. "మృగశిరలో విత్తితిమి, ఆరుద్రలో మొలక మాడిపాయ" అంటే జూన్ రెండో వారంలో విత్తి, ఆ నెలాఖరుకు పోగొట్టుకున్నారని మనం లెక్క కట్టుకోవచ్చు. ఏడాదిని ఇంటి సంగతితో చెబుతారు: పెద్ద కూతురు పుట్టిన ఏడు, బావిలో నీళ్ళు పడిన ఏడు, కరెంటు వచ్చిన ఏడు. మనం చేయాల్సిందల్లా, తేదీ తెలిసిన ఒక పెద్ద సంగతికి ముందా తర్వాతా అని అడగడం. కోస్తాలో అయితే 1977 నవంబరులో వచ్చిన దివిసీమ ఉప్పెన. ఎక్కడైనా పనికొచ్చేది 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం. తిండి, పంట రెండింటికీ ముడిపడినది కాబట్టి రైతు ఇళ్ళలో అది చాలామందికి గుర్తుంటుంది. "రెండు రూపాయల బియ్యం రాకముందా తాతా, వచ్చాకా?" అంటే జవాబు తడుముకోకుండా వస్తుంది.

ఒక కొక్కేనికి ఐదు ప్రశ్నలు: పాతర

ఇప్పుడు పైన వీడియోలోని తాత దగ్గర ఏం జరిగిందో చూద్దాం. ఆయనకు దాదాపు 80 ఏళ్ళు, అనంతపురం వైపు మెట్ట రైతు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. మొదటిరోజు వెళ్ళినప్పుడు దొడ్లో ఒకచోట నేల కొంచెం కుంగి, దానిమీద పేడదిబ్బ ఉంది. "ఆడ మా పాతర ఉండె" అన్నాడు. అంతే రాసుకున్నాను, ఇంకేమీ అడగలేదు.

పాతర తెలియని వాళ్ళకు ఒక ముక్క. నీటి ఊట రాని గట్టి నేలలో గుంత తీసి, లోపల మెత్తి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, నోటిని బండతో మూసి మట్టితో పూడ్చేవాళ్ళు. లోపల గింజలు ఊపిరి పీలుస్తూ గాలిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగు బతకదు. తొందరపడి దిగితే మనిషీ బతకడు.

మామూలుగా అడిగే ప్రశ్న "పాతర గురించి చెప్పండి తాతా" అని. దీనికి వచ్చేది పైన నేను రాసిన వివరమే. ఆ వివరం ఎవరైనా చెప్పగలరు, ఆ తాతే చెప్పనక్కర్లేదు. దాని బదులు నేను రాసుకున్న ఐదు ప్రశ్నలు ఇవి.

1. పాతర నోరు తీసిన రోజుల్లో మీకు బాగా గుర్తున్న ఒక్క రోజు చెప్పండి తాతా. అప్పుడు మీకు ఎన్నేళ్ళుంటాయి?
2. ముందుగా ఎవరు ఏం చేశారు?
3. అప్పుడు మీరేం చేశారు?
4. ఎవరేమన్నారు? వాళ్ళన్న మాటే అనండి.
5. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగింది?

మొదటి ప్రశ్న ఆయన్ను ఒక రోజులోకి దించుతుంది. రెండోది చూపును చేతుల మీదికి తెస్తుంది. మూడోది ఆయన్నే మధ్యలో నిలబెడుతుంది, ఎందుకంటే పెద్దలు ఎక్కువగా "మేము" అంటూ ఊరందరి మాటే చెబుతారు. నాలుగోదానితో ఇంకొకరి గొంతు ఆయన నోట వస్తుంది. ఐదోది ఫలితం. ఈ వరుస దాదాపు ఏ వస్తువుకైనా పనిచేస్తుంది. ఇలా అడిగాక ఆయన చెప్పింది, ఆయన మాటల్లోనే:

"నాకు పదైదేండ్లు ఉంటాయి. ఉగాది దాటినాక పాతర నోరు తీస్తిమి. మా నాయన దీపం తాడుకు కట్టి లోపలికి ఇడిసె. ఆరిపాయ. నాకేం తెలుసు, దిగబోతి. మా నాయన జుట్టు పట్టి ఎనక్కి లాగె. 'సస్తావురా' అనె. పొద్దంతా నోరు తెరిసిపెట్టి ఆన్నే కూచుంటిమి. సందేళ మళ్ళా దీపం ఇడిస్తే, ఎలిగె. అప్పుడు దిగితి."

నిమిషం కూడా లేదు. అందులో మూడు మెట్లున్నాయి: దీపం ఆరడం, తండ్రి లాగడం, దీపం వెలిగాక దిగడం. ఒక్క "వాళ్ళం" కూడా లేదు. పైగా దీపం, తాడు, గుంత నోరు, సందేళ వెలుతురు అని నాలుగు దృశ్యాలు తీయడానికి దొరికాయి. జవాబులో ఎన్ని వస్తువులుంటే మనకు అన్ని షాట్లు. బొగ్గుపులుసు వాయువు సంగతి వీడియోలో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దీపమే చెప్పేసింది.

మనకు కావలసిన జవాబు ఆయన నోట పెట్టొద్దు

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కథ ముగింపు మన మనసులో ముందే ఉంటుంది. "శనక్కాయ వచ్చాకే పాత పంటలన్నీ పోయాయి కదా తాతా?" "మందులు కొట్టాకే నేల చచ్చిపోయింది కదా?" అని అడుగుతాం. ఆయన ఏమంటాడు? "అవును నాయనా." ఇంటికొచ్చిన వాళ్ళ మాట కాదనడం పెద్దలకు అలవాటు లేదు. ఆ "అవును" మనదే, ఆయనది కాదు. ఎడిటింగ్‌లో మన గొంతు తీసేస్తే అక్కడ మిగిలేది కూడా ఏమీ ఉండదు.

ఇంకో నష్టం పెద్దది. ఆయన శనక్కాయకు ఎందుకు మారాడన్న అసలు కారణం మనకు తెలియకుండా పోతుంది. తెలివైన రైతు ఒక నిర్ణయం తీసుకున్నాడంటే ఆ రోజు ఆయనకు ఒక లెక్క ఉండే ఉంటుంది. ఆ లెక్క లేకుండా తీసిన వీడియోలో పాతతరం రైతులు అమాయకుల్లా కనిపిస్తారు. ఈ రోజు రసాయనాల నుంచి బయటికి రావాలా వద్దా అని లెక్క వేసుకుంటున్న రైతుకు అది ఏ రకంగానూ పనికిరాదు.

అందుకే నిర్ణయం గురించి అడిగేటప్పుడు ప్రశ్నలు ఇలా మార్చుకుంటాను. "శనక్కాయ విత్తనం మొదటిసారి మీ ఇంటికి ఎలా వచ్చింది? ఎవరి బండి మీద?" "ఇంట్లో వద్దన్నది ఎవరు?" "ఆ రోజు మీరు మనసులో ఏం లెక్క వేసుకున్నారు?" "మొదటి పంట డబ్బుతో ఏం కొన్నారు?" "ఆ తర్వాత వాన రాని మొదటి ఏడు ఇంట్లో ఏం తిన్నారు?"

ఇందులో ఎక్కడా మంచిదనో చెడ్డదనో మన తీర్పు లేదు. వచ్చిన జవాబులు చూడండి. పట్నంలో నూనె మిల్లు ఆయన నాలుగు మూటల విత్తనం అప్పుగా ఇచ్చాడట, కాయ వచ్చాక తీసుకుంటానన్నాడట. తల్లి మాత్రం "కాయలు తిని బతుకుతామారా?" అని అడిగి, గట్టు పక్కన నాలుగు సాళ్ళు కొర్ర వేయాల్సిందేనని పట్టుబట్టింది. మొదటి పంట డబ్బుతో ఈయన ఒక జత ఎద్దులు, పెద్ద కూతురికి వెండి కడియాలు కొన్నాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగింది. దాన్ని కత్తిరించకుండా ఉంచాను. కడియాల ఆనందం చూడకపోతే ఆ తర్వాత వచ్చే కరువు ఏడు మనకు అర్థం కాదు.

అదే లెక్కన, పాత పద్ధతిని గురించి కూడా కష్టం అడగాలి. "కొర్ర, జొన్న వేసిన రోజుల్లో మీకు బాగా కష్టమైన పని ఏది? దాన్ని మానేసినప్పుడు ఎలా అనిపించింది?" అని. రోటి దగ్గర కొర్రలు దంచిన ఆడవాళ్ళను ఈ ప్రశ్న అడగకుండా చిరుధాన్యాల కథ తీస్తే సగం కథే తీసినట్టు. తాత "బలమైన తిండి" అని చెప్పినదాన్నే అవ్వ "రెక్కలు పడిపోయేవి" అని చెప్పొచ్చు. రెండూ పక్కపక్కన పెడితే అదొక మెట్టు.

మన గొంతు తీసేసినా నిలబడాలి

డాక్యుమెంటరీలో ప్రశ్న అడిగిన మన గొంతు సాధారణంగా ఉండదు. తెలుగులో ఇది ఇంకో చిక్కు తెస్తుంది. "కొర్రలు వేశారా?" అంటే "వేశాం" అంటారు. మన భాషలో ఆ ఒక్క మాటే పూర్తి వాక్యం. ఎవరు, ఏది, ఎప్పుడు అన్నీ ప్రశ్నలోనే ఉండిపోయాయి. ప్రశ్న పోతే అవీ పోతాయి. అందుకని "ఆ" తో ముగిసే ప్రశ్నలన్నిటినీ ముందే కొట్టేస్తాను. వేశారా, ఉండేదా, తెలుసా అన్నవేవీ కాగితం మీద ఉండకూడదు. ప్రతి ప్రశ్నా "చెప్పండి" తోనో, "ఏం, ఎవరు, ఎలా" తోనో నడవాలి.

"నా ప్రశ్నను కలుపుకుని జవాబు చెప్పండి" అని పెద్దలకు నేర్పబోతే మాట బిగుసుకుపోతుంది. దానికన్నా తేలికైన ఉపాయం ఉంది. ఆయన "అప్పుడు దాన్ని ఆడ పెడితిమి" అన్నాడనుకోండి. ఆపకుండా వాక్యం పూర్తవనిచ్చి, "దేన్ని తాతా? ఎక్కడ?" అని అమాయకంగా అడగండి. "అదే నాయనా, కొర్ర కంకుల కట్టను అటక మీద పెడితిమి" అని మొత్తం వాక్యం మళ్ళీ చెబుతాడు. మొదటి రెండు ముక్కలు కత్తిరిస్తే క్లిప్ తయారు. ఊళ్ళోని మనవణ్ణో మనవరాలినో నా పక్కన కూర్చోబెట్టుకోవడం కూడా ఇందుకే. తెలియని పిల్లలకు చెప్పేటప్పుడు పెద్దలు ఏదీ వదలకుండా చెబుతారు.

ఇక ఊ కొట్టడం. కథ చెబుతుంటే ఊ కొట్టడం మన మర్యాద, కానీ ఆ "ఊ" ఆయన మాట మీద పడితే తీసేయడం కష్టం. అలాగని మౌనంగా కూర్చుంటే మనం వినడం లేదేమో అనుకుంటారు. కాబట్టి మొదలుపెట్టే ముందే చెప్పేస్తాను: "తాతా, మైకులో నా గొంతు పడకూడదని ఊ కొట్టను. తల ఊపుతుంటాను, వింటున్నట్టే." ఆ ఒక్క మాటతో సరిపోతుంది.

జవాబు అయిపోయిందనిపించాక వెంటనే తర్వాతి ప్రశ్నకు పోకుండా మనసులో ఏడు దాకా లెక్కపెడతాను. కరువు ఏడు ఏం తిన్నారన్న ప్రశ్నకు తాత "అంగడికి పోయి జొన్నలు కొంటిమి" అని ఆగిపోయాడు. అక్కడ నేను మాట్లాడి ఉంటే అంతటితో అయిపోయేది. కాసేపాగి ఆయనే అన్నాడు: "సంచి ఇంట్లో దించితి. మా యమ్మ సూసె. ఏమీ అనలే." జొన్నలు పండించిన ఇంట్లోకి జొన్నలు కొని తెచ్చిన రోజది. మొత్తం వీడియోలో బరువైన మెట్టు ఇదే, దానికి ప్రశ్నే లేదు.

కాగితం మీద కథ కట్టడం

ఇంటికి వచ్చాక అంతా వినుకుంటూ ఒక నోటుబుక్కులో రాస్తాను. ప్రతి జవాబుకూ ఒకే వరుస: ఎన్నో నిమిషం, ఏం జరిగింది, అందులో ఏ వస్తువుంది. ఏం జరిగిందో ఒక్క వాక్యంలో, జరిగిపోయిన క్రియతో రాయలేకపోతే అది మెట్టు కాదని అర్థం. దాన్ని పద్ధతుల పేజీలోకి మారుస్తాను. ఈ తాత దగ్గర గంటా పది నిమిషాల రికార్డింగ్‌లో చివరికి మిగిలినవి ఇవి.

1. దీపం ఆరింది. తండ్రి లాగాడు.
2. నాలుగు మూటలు అప్పుగా వచ్చాయి.
3. తల్లి ఎదురు చెప్పింది. గట్టు పక్కన కొర్ర మిగిలింది.
4. ఎద్దులు, కడియాలు వచ్చాయి.
5. వాన రాలేదు. జొన్నలు కొన్నారు. తల్లి ఏమీ అనలేదు.
6. పాతర పూడ్చారు.

ఆరోది మొదటి రోజు రికార్డింగ్‌లో లేదు. కాగితం మీద ఐదూ రాసుకుని చూస్తే ఒక చోట ఖాళీ కనిపించింది: పాతర తెరవడం ఉంది, మూయడం లేదు. అందుకే మర్నాడు ఒక్క ప్రశ్న కోసం మళ్ళీ వెళ్ళాను. పేడదిబ్బ పక్కన నిలబడి, "దీన్ని పూడ్చిన రోజు చెప్పండి తాతా" అన్నాను. "రెండు రూపాయల బియ్యం వచ్చిన రెండో ఏడు. పోయడానికి జొన్నలేవి? పిల్లోళ్ళు పడతారని నేనే పూడిస్తి" అన్నాడు. అంటే 1984, 85 ప్రాంతం. రికార్డింగ్ అంతా ఒకే రోజు ముగించకుండా మధ్యలో ఒక రాత్రి ఉంచుకోమని చెప్పేది ఇందుకే. ఏ మెట్టు లేదో కాగితం మీద చూస్తే గానీ తెలియదు.

ఎక్కడ జాగ్రత్తపడాలి

ఒకరి జ్ఞాపకం ఒకరిదే. తాత చెప్పింది ఆయన ఇంటి కథ. దాన్ని పట్టుకుని జిల్లా అంతా అలాగే మారిందని వీడియోలో రాయకూడదు. దిగుబడి, ధర, ఎకరాల లెక్కలు వచ్చినచోట అదే వయసున్న ఇంకొకరిని వేరుగా అడిగి చూసుకోవాలి. ఇద్దరి లెక్కా కలవకపోతే అంకె తీసేసి సంగతి మాత్రం ఉంచుతాను.

కొడుకులు పక్కనుంటే జవాబులు వాళ్ళే అందుకుంటారు, అదీ ప్రేమతోనే. వాళ్ళకు గొడ్ల దగ్గరో పొలం దగ్గరో దృశ్యాలు చూపించే పని ఇంకొకరితో అప్పగించండి. పెద్దలకు ముప్పావుగంట దాటితే అలసట వస్తుంది, జవాబులు మళ్ళీ "వాళ్ళం" లోకి జారతాయి. అది ఆపమని చెప్పే గుర్తు. వినికిడి తగ్గినవాళ్ళయితే ఏ చెవి బాగా వినిపిస్తుందో కనుక్కుని అటువైపు కూర్చోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇలాంటి ప్రశ్నలు లోపలికి దిగుతాయి. అప్పు, భూమి అమ్మకం, అన్నదమ్ముల పంపకాలు, పోయిన మనుషులు బయటికొస్తారు. మెట్టు బాగుందని అన్నీ వాడేయకూడదు. రికార్డింగ్ చివర "ఇందులో ఏది బయటికి పోకూడదు తాతా?" అని అడుగుతాను. "ఇదంతా వాడుకోవచ్చా?" అంటే మళ్ళీ మొహమాటంతో "వాడుకో నాయనా" అనేస్తారు. ఏది వద్దో అడిగితే ఆలోచించి చెబుతారు. ఈ తాత కూడా ఒక మాట వద్దన్నాడు, అది పైన వీడియోలో లేదు. ఎడిట్ అయ్యాక ఇంటిల్లిపాదికీ ఫోన్‌లో చూపించి, ఆ తర్వాతే పెట్టాను.

మీరు మొదలుపెట్టేటప్పుడు పాతర లాంటి ఒక్క వస్తువు చాలు. దాని మీద పైన రాసిన ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వచ్చే వీడియోలో అవ్వల దగ్గర విత్తనం కుండలను పట్టుకుని ఇవే ప్రశ్నలు ఎలా మారతాయో చూపిస్తాను. ఈలోగా మీ ఊళ్ళో "వేస్తాంటిమి, వేస్తిమి" జంటను ఎలా పలుకుతారో కింద రాయండి. మీ వైపు వచ్చినప్పుడు నా చెవికి అది పనికొస్తుంది.